పది నిమిషాలు పొర్లిన ట్యాంకు

ఆ రోజు పొద్దున్న మా మేడ మీది నీళ్ళ ట్యాంకు పది నిమిషాల పాటు పొర్లింది. నీళ్ళు పిట్టగోడ తూముల్లోంచి కారి, కింద వాటావాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద పడ్డాయి. "ఏవండీ, మోటారు ఆపేది మీ మిషనే కదా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగిన తీరులోనే తీర్పు కూడా ఉంది.

మిషనంటే పెద్దదేం కాదు. అరచేతిలో పట్టే ఒక బోర్డు, నాలుగైదు రిలేలు, నేను సీ భాషలో రాసుకున్న ఒక ప్రోగ్రాం. పొద్దున్న అయిదింటికి మొదలవుతుంది. అప్పటినుంచి నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, ఏ నిమిషానికి ఏది ఆపాలో, ఏది వెయ్యాలో చూసుకుంటుంది. ముప్పయ్యో నిమిషానికి మోటారు, నలభయ్యో నిమిషానికి గీజరు, అలా. మోటారును చేత్తో ఆపేసి, బోర్డు చేసిన పనుల వరస బయటికి తీసి చూస్తే ఇలా ఉంది:

```
10  12  15  20  40  30
```

ముప్పయ్యో నిమిషం పని నలభయ్యో నిమిషం పని తర్వాత వచ్చింది. అంటే మిషను నలభై దాకా హాయిగా కూర్చుని, గీజరు ఆపి, అప్పుడు "అరే, మోటారు కూడా ఆపాలి కదా" అనుకుంది. గడియారం తప్పు కాదు, రిలే తప్పు కాదు. పనులను వరసలో పెట్టే చోటే ఏదో తిరగబడింది. ఆ చోటు పేరు ప్రయారిటీ క్యూ.

మామూలు క్యూ రేషను షాపు ముందు వరస లాంటిది, ముందొచ్చినవాడికి ముందు. ప్రయారిటీ క్యూలో ఎవరు ఎప్పుడొచ్చారన్నది లెక్కలోకి రాదు. ఎవరి అవసరం ముందుంటే వాళ్ళే ముందు బయటికొస్తారు. నా మిషనుకు "అవసరం" అంటే నిమిషం సంఖ్య. చిన్న సంఖ్య ముందు. దానికి కావలసినవి రెండే పనులు: కొత్త పని చేర్చడం, అన్నిటికన్నా ముందున్న పనిని తియ్యడం.

దీన్ని తేలిగ్గా చెయ్యొచ్చు కూడా. పనులన్నీ ఎలా వస్తే అలా ఒక అరేలో పడేసి, కావలసినప్పుడల్లా మొత్తం వెతికి చిన్నదాన్ని తీసుకోవచ్చు. లేదా ఎప్పటికప్పుడు చిన్న నుంచి పెద్దకు పేర్చి పెట్టుకోవచ్చు, కాకపోతే మధ్యలో ఒకటి దూర్చాలంటే వెనకవాటినన్నిటినీ ఒక్కో గడి జరపాలి. నిజం చెప్పాలంటే మా ఇంటి ఎనిమిది పనులకు ఈ రెంటిలో ఏదైనా చాలు. హీప్ పెట్టింది నా సరదా కొద్దీ. కానీ వేల కొద్దీ టైమర్లు నడిపే సర్వరు ప్రోగ్రాముల్లో ఇది సరదా కాదు; `libevent` అనే సీ లైబ్రరీ తన టైమర్లను సరిగ్గా ఇలాంటి హీప్‌లోనే పెట్టుకుంటుంది.

బైనరీ హీప్‌ను 1964లో జె. డబ్ల్యూ. జె. విలియమ్స్ హీప్‌సార్ట్ అనే పద్ధతి కోసం ప్రచురించాడు. సీ రాసేవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. `malloc` మెమరీ తెచ్చే చోటును కూడా హీప్ అనే అంటారు. ఆ హీప్ వేరు, ఈ హీప్ వేరు. పేరు ఒకటే తప్ప చుట్టరికం లేదు.

విలియమ్స్ ఆలోచనలో సొగసంతా ఒక సోమరితనంలో ఉంది. మనకు ఎప్పుడూ కావలసింది ముందున్న ఒక్క పనే అయితే, మిగతావన్నీ పూర్తిగా వరసలో ఉండటం ఎందుకు? అందుకని హీప్ ఒకే ఒక్క మాట మీద నిలబడుతుంది: ఏ తండ్రీ తన పిల్లల కన్నా పెద్ద సంఖ్య కాకూడదు. అన్నదమ్ముల మధ్య ఎవరు చిన్న, ఎవరు పెద్ద అన్న పట్టింపు లేదు. పినతండ్రికీ కొడుక్కీ మధ్య కూడా లేదు. తండ్రికీ పిల్లలకూ మధ్య మాత్రమే ఆ మాట. ఆ ఒక్కటీ ప్రతి చోటా నిలిస్తే, అందరికన్నా చిన్న సంఖ్య శిఖరాన ఉండక తప్పదు.

ఇక్కడ వంశవృక్షం అన్నాను గానీ, మెమరీలో వృక్షం ఏదీ ఉండదు. పాయింటర్లు ఉండవు. ఉన్నది ఒక్క అరే. ఆ రోజు పొద్దున్న అయిదింటికి నా అరే ఇది:

```
గడి:    0   1   2   3   4   5   6
నిమిషం: 10  40  15  50  45  20  30
```

చూడగానే వరస తప్పినట్టుంది కదూ? 10 పక్కన 40, దాని పక్కన 15. కానీ ఇది సరైన హీపే. 0వ గడిలోని 10కి పిల్లలు 1, 2 గడులు: 40, 15. 1వ గడిలోని 40కి పిల్లలు 3, 4 గడులు: 50, 45. 2వ గడిలోని 15కి పిల్లలు 5, 6 గడులు: 20, 30. ఎక్కడా తండ్రి పిల్లల కన్నా పెద్ద కాలేదు.

గడి నంబరు `i` అయితే పిల్లలు `2*i + 1`, `2*i + 2` గడుల్లో ఉంటారు. ఈ సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు. మన గడికి ముందు `i` గడులున్నాయి. వాటిలో ఒక్కొక్కటి ఇద్దరేసి పిల్లలకు చోటు పట్టేసుకుంటుంది, అవి `2*i` గడులు. శిఖరాన ఉన్నది ఎవరి పిల్లా కాదు, దానికి ఇంకో గడి. కాబట్టి మన పిల్లలకు ముందు నిండిపోయే గడులు మొత్తం `2*i + 1`. లెక్క సున్నా నుంచి మొదలు గనక, మన మొదటి పిల్ల నంబరు కూడా అదే. వెనక్కి తండ్రి దగ్గరికి పోవాలంటే `(i - 1) / 2`. సీలో పూర్ణాంకాల భాగహారం మిగులును వదిలేస్తుంది కాబట్టి 5వ గడికీ, 6వ గడికీ తండ్రి 2వ గడే అవుతుంది. పుస్తకాల్లో కొన్నిచోట్ల గడులను ఒకటి నుంచి లెక్కపెట్టి పిల్లలు `2*i`, `2*i + 1` అని రాస్తారు. రెండూ సరైనవే, కలిపి వాడితేనే ప్రమాదం.

అయిదుంపావు కాకముందే మా ఆవిడ ఒక పని చేర్చింది: పన్నెండో నిమిషానికి గేటు దగ్గర లైటు ఆపెయ్యమని. కొత్త పనికి శిఖరాన చోటివ్వం, మధ్యలో దూర్చం. అరే చివర మొదటి ఖాళీ గడిలో పెడతాం. 12 వెళ్ళి 7వ గడిలో కూర్చుంది. దాని తండ్రి `(7 - 1) / 2`, అంటే 3వ గడిలోని 50. పన్నెండు మీద యాభై తండ్రిగా ఉండకూడదు గనక ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఇప్పుడు 12 ఉన్నది 3వ గడిలో, తండ్రి 1వ గడిలోని 40. మళ్ళీ మార్పిడి. ఇప్పుడు 1వ గడిలో ఉంది, తండ్రి 10. పది చిన్నదే కాబట్టి ఆగిపోయింది. ఈ పైకెక్కడాన్నే సిఫ్ట్ అప్ అంటారు.

```c
void sift_up(int a[], int i)
{
    while (i > 0) {
        int p = (i - 1) / 2;
        if (a[p] <= a[i]) break;
        swap(&a[p], &a[i]);
        i = p;
    }
}
```

`swap` రెండు గడుల్లో ఉన్నవాటిని తారుమారు చేసే చిన్న ఫంక్షన్. నా అసలు ప్రోగ్రాంలో ప్రతి గడిలోనూ సంఖ్యతో పాటు ఏ రిలే, ఏం చెయ్యాలి అన్నవి కూడా ఒక స్ట్రక్చర్‌లో ఉంటాయి. పోల్చేది మాత్రం నిమిషాన్నే. ఎనిమిది పనులున్నా 12 తన తాతముత్తాతలను మాత్రమే పలకరించింది. 15 జోలికి, 20 జోలికి పోనేలేదు. వరసకు రెట్టింపు చొప్పున పనులు పడతాయి కాబట్టి వెయ్యి పనులు పది వరసల్లో, పది లక్షలు ఇరవై వరసల్లో ఇమిడిపోతాయి. పది లక్షల్లో చేర్చినా ఎక్కాల్సిన మెట్లు పంతొమ్మిదికి మించవు.

ఎక్కడం అయ్యాక అరే ఇది:

```
10  12  15  40  45  20  30  50
```

పదో నిమిషం వచ్చింది. శిఖరాన ఉన్న 10ని తీసి ఆ పని చేసెయ్యాలి. తీస్తే 0వ గడి ఖాళీ అవుతుంది. అక్కడ చాలామందికి తోచే మొదటి ఆలోచన, పిల్లల్లో చిన్నదాన్ని పైకి లాగుదాం, దాని ఖాళీలోకి దాని పిల్లను లాగుదాం అని. అలా లాగితే ఆ ఖాళీ చివరికి అరే మధ్యలో ఎక్కడో తేలుతుంది, మధ్యలో ఖాళీ ఉంటే గడుల లెక్క పనికిరాదు. అందుకని చివరి గడిలోని 50ని తెచ్చి శిఖరాన కూర్చోబెడతాం. గొలుసు చివర నుంచే తగ్గింది, మధ్యలో ఖాళీ లేదు. అయితే యాభై సింహాసనానికి తగినది కాదు, కిందికి దిగాలి.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 50 కింద ఇద్దరు పిల్లలు, 12, 15. ఇద్దరిలో చిన్నదానితోనే మార్చుకోవాలి. పొరపాటున 15తో మార్చుకుంటే 15 తండ్రి అయ్యి, 12 దాని పిల్ల అవుతుంది; మాట అక్కడికక్కడే తప్పుతుంది. 12తో మార్చుకున్న 50 ఒకటో గడికి దిగింది. అక్కడ పిల్లలు 40, 45. చిన్నదైన 40తో మార్చుకుని 3వ గడికి వచ్చింది. దాని పిల్ల ఉండాల్సింది 7వ గడిలో, కానీ ఇప్పుడున్న పనులు ఏడే, గడులు 6తో అయిపోయాయి. దిగడం అయింది. ఇది సిఫ్ట్ డౌన్.

```c
void sift_down(int a[], int n, int i)
{
    for (;;) {
        int c = 2 * i + 1;
        if (c >= n) break;
        if (c + 1 < n && a[c + 1] < a[c]) c++;
        if (a[i] <= a[c]) break;
        swap(&a[i], &a[c]);
        i = c;
    }
}
```

ఇందులో `c + 1 < n` అన్న చిన్న ముక్కను మరిచిపోయేవాళ్ళు చాలామంది. ఒక్క పిల్లే ఉన్న తండ్రి దగ్గరికొచ్చినప్పుడు, అది లేకపోతే ప్రోగ్రాం అరే అవతలి గడిలోకి తొంగిచూస్తుంది. అక్కడ ఇంతకుముందు తీసేసిన పని తాలూకు పాత సంఖ్య ఇంకా ఉండొచ్చు. సీ ఏమీ అనదు. చచ్చిన పని బతికిరావచ్చు.

నేను అది మరిచిపోలేదు. పదో నిమిషం దాటాక నా అరే చక్కగా ఉంది:

```
12  40  15  50  45  20  30
```

పదకొండో నిమిషంలో ఏం జరిగిందో బోర్డు రాసిపెట్టుకున్న చిట్టా చెప్పింది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాల్సింది యాభయ్యో నిమిషానికి. మా అబ్బాయి దాన్ని స్విచ్చు దగ్గరే ఆపేశాడు. ఇక ఆ పని అక్కర్లేదు గనక మిషను దాన్ని హీప్ మధ్యలోంచి తీసేసింది. 50 ఉన్నది 3వ గడిలో. శిఖరం నుంచి తీసినట్టే ఇక్కడా చివరిదాన్ని తెచ్చి ఖాళీలో పెట్టాను. చివరిది 30. మోటారు! దాన్ని 3వ గడిలో పెట్టి సిఫ్ట్ డౌన్ పిలిచాను. పిల్లలు లేరు, కదలలేదు. అయిపోయింది అనుకున్నాను.

```
12  40  15  30  45  20
```

ఒకటో గడి చూడండి. 40 తండ్రి, 3వ గడిలోని 30 దాని పిల్ల. మాట తప్పింది.

శిఖరం నుంచి తీసినప్పుడు ఇలా జరగదు, ఎందుకంటే శిఖరానికి పైన ఎవరూ లేరు. కానీ మధ్యలో తీసినప్పుడు, చివరి గడిలో ఉన్నది వేరే కొమ్మ నుంచి రావచ్చు. 30 పెరిగింది 15 నీడలో. అక్కడ అది సరైన చోటే. దాన్ని తెచ్చి 40 కింద పెట్టాం. అన్నదమ్ముల సంతానాల మధ్య పెద్దా చిన్నా పట్టింపు లేదని హీప్ ముందే చెప్పింది కదా. ఒక కొమ్మలో అడుగున ఉన్నవాడు ఇంకో కొమ్మలో నడుమ ఉన్నవాడి కన్నా చిన్న కావచ్చు. అప్పుడు వాడు దిగడం కాదు, ఎక్కాలి.

ఇంతకన్నా చేటైన సంగతి ఇంకోటుంది. ఆ పొద్దున్న ఇంకేమీ చేర్చకపోయి ఉంటే, తప్పిన హీప్ కూడా పనులను సరైన వరసలోనే ఇచ్చేది. కాగితం మీద నడిపి చూశాను: 12, 15, 20, 30, 40, 45. ఒక్కటి కూడా తిరగబడలేదు. తీసిన ప్రతిసారీ చివరిదాన్ని శిఖరానికి తెస్తాం కదా, 20 తీసేనాటికి 30 చివర ఉండటం వల్ల తిన్నగా శిఖరానికి వచ్చి కూర్చుంటుంది. నేను రాసుకున్న పరీక్షలన్నీ అలాంటి చిన్న చిన్నవే. అన్నీ నెగ్గాయి.

ఆ రోజు మాత్రం పన్నెండో నిమిషానికి ముందు నేనే ఇంకో పని చేర్చాను, అరవయ్యో నిమిషానికి మెట్ల లైటు. 60 వెళ్ళి చివర 6వ గడిలో, 15 కింద కూర్చుంది. ఆ ఒక్క అదనపు గడి వల్ల తర్వాతి కదలికలన్నీ మారిపోయాయి. 12, 15 సరిగ్గానే బయటికొచ్చాక అరే ఇది:

```
20  40  60  30  45
```

20 తీశారు. ఈసారి చివరున్నది 30 కాదు, 45. అది శిఖరానికి వెళ్ళింది. కింద పిల్లలు 40, 60. చిన్నదైన 40తో మార్చుకుంది. 40 శిఖరానికి చేరింది. 45 ఒకటో గడికి దిగి, అక్కడ 30ని చూసి దానితోనూ మార్చుకుంది:

```
40  30  60  45
```

శిఖరాన గీజరు, దాని కింద మోటారు. మిషను శిఖరాన్ని తప్ప ఇంకేదీ చూడదు. నలభై దాకా ఆగింది. నలభైకి గీజరు ఆపి, చూస్తే శిఖరాన 30, దాని టైము ఎప్పుడో దాటిపోయింది, వెంటనే ఆపేసింది. పది నిమిషాల నీళ్ళ లెక్క అక్కడ తేలింది.

మందు చిన్నదే. మధ్యలో తీసిన చోట రెండూ పిలవాలి.

```c
n--;
if (i < n) {
    a[i] = a[n];
    sift_down(a, n, i);
    sift_up(a, i);
}
```

రెండూ పిలిస్తే ఒకటి చేసింది ఇంకొకటి చెడగొడుతుందేమోనన్న అనుమానం అక్కర్లేదు. తెచ్చిపెట్టినది కిందికి దిగితే, ఆ గడిలోకి వచ్చేది పాత పని పిల్లల్లో ఒకటి; అది పై తండ్రి కన్నా ఎలాగూ చిన్న కాదు, కాబట్టి సిఫ్ట్ అప్ ఊరుకుంటుంది. దిగకపోతేనే ఎక్కాల్సిన అవసరం రావచ్చు. `if (i < n)` ఎందుకంటే, తీసేది చివరి గడినే అయితే దాని చోట పెట్టాల్సింది ఏదీ ఉండదు.

తీసెయ్యాల్సిన పని ఏ గడిలో ఉందో తెలుసుకోవడం ఇంకో సంగతి. ఫలానా సంఖ్య ఎక్కడుందో హీప్ చెప్పలేదు, దానికి శిఖరం ఒక్కటే తెలుసు. నా ఎనిమిది గడుల్లో మొదటి నుంచి వెతికేస్తాను. వేల టైమర్లున్న చోట అలా కుదరదు. అందుకే `libevent` ప్రతి పనిలోనూ అది ప్రస్తుతం ఏ గడిలో ఉందో రాసి ఉంచి, కదిలిన ప్రతిసారీ మారుస్తుంది. ఆ మార్చడం ఒక్కచోట మరిచిపోతే వేరే పని రద్దవుతుంది.

ఒకే నిమిషానికి రెండు పనులుంటే ఏది ముందు అని మా తమ్ముడు అడిగాడు. హీప్ ఆ మాట ఇవ్వదు. ముందు చేర్చినది వెనక రావచ్చు. మోటారు ఆపాకే వాల్వు మూయాలి లాంటి పట్టింపు ఉంటే, ప్రతి పనికీ చేర్చిన వరస నంబరు ఒకటి తగిలించి, నిమిషాలు సమానమైనప్పుడు ఆ నంబరును పోల్చాలి.

తప్పు దొరికాక, బయటికొచ్చే వరసను చూసి హీప్ బాగుందనుకోవడం మానేశాను. ఇప్పుడు చేర్చినా తీసినా ప్రతిసారీ మాట నిలిచిందో లేదో గడి గడికీ చూస్తాను:

```c
for (int i = 1; i < n; i++)
    assert(a[(i - 1) / 2] <= a[i]);
```

పాత ప్రోగ్రాంలో దీన్ని పెట్టి అదే పొద్దుటి పనులను లాప్‌టాప్‌లో మళ్ళీ నడిపాను. పదకొండో నిమిషంలో, ఫ్యాను పని తీసేసిన మరుక్షణమే ఆగిపోయింది. ట్యాంకు పొర్లడానికి పంతొమ్మిది నిమిషాల ముందు.

ఆ ఉత్సాహంలో అదే `assert`ను బోర్డు మీదికి కూడా ఎక్కించబోయాను. మా తమ్ముడే చెయ్యి పట్టుకుని ఆపాడు. `assert` తప్పు చూస్తే ప్రోగ్రాంను అక్కడే నిలిపేస్తుంది. నిలిచిపోయిన ప్రోగ్రాం మోటారును ఇక ఎప్పటికీ ఆపదు, పది నిమిషాలు కాదు, బావి ఎండేదాకా తోడుతుంది. అందుకని బోర్డులో దాని చోట వేరే ఫంక్షన్ పెట్టాను: మాట తప్పినట్టు కనిపిస్తే ముందు రిలేలన్నీ ఆఫ్ చేస్తుంది, ఆ తర్వాత ఎర్ర లైటు వెలిగించి కూర్చుంటుంది.